ఆ 48 పాయింట్లు ఎక్కడున్నాయి? ఏ1సీ, ఇంటి షుగర్ లెక్కల ప్రాజెక్టు డైరీ

మా అమ్మాయికి 14 ఏళ్లు. టైప్ 1 డయాబెటిస్ ఉంది. రోజుకు ఒకసారి లాంగ్ యాక్టింగ్ ఇన్సులిన్, భోజనాలకు రాపిడ్ ఇన్సులిన్ పెన్నుతో తీసుకుంటుంది. సెన్సర్ లేదు, వేలికి గుచ్చి చూసే మీటరే. గత మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష ఏ1సీకీ, ఇంట్లో మేం రాసుకున్న రీడింగులకూ పొంతన లేకపోవడంతో ఈ డైరీ మొదలైంది. ఇందులో డోసులు మా అమ్మాయివి. ప్రతి మార్పూ డాక్టర్ గారితో మాట్లాడాకే చేశాం. మీకు పనికొచ్చేది పద్ధతి, మా నంబర్లు కాదు.

దశ 0: మొదలుపెట్టినప్పటి లెక్క

- బరువు 48 కిలోలు. లాంగ్ యాక్టింగ్ 22 యూనిట్లు, రాపిడ్ సుమారు 26. మొత్తం 48.
- కార్బ్ నిష్పత్తి: తిండిలోని 10 గ్రాముల కార్బ్స్‌కు 1 యూనిట్ రాపిడ్, అన్ని పూటలకూ ఒకటే. (500ని రోజు మొత్తం డోసుతో భాగిస్తే వచ్చే అంచనా ఇది. 500 ÷ 48 = 10.4.)
- కరెక్షన్, అంటే పెరిగిన షుగర్‌ను దించడానికి వేసే అదనపు రాపిడ్: 1 యూనిట్‌కు షుగర్ 40 పాయింట్లు తగ్గుతుంది. (1800 ÷ 48 = 37.5. లో షుగర్ భయంతో డాక్టర్ గారు 40 చేశారు.) టార్గెట్ 120.
- ఏ1సీ: 8.6.
- నోటుపుస్తకంలో నెల సగటు: 152.

పాయింట్ అంటే ఇక్కడ డెసిలీటరుకు ఒక మిల్లీగ్రాము. ఏ1సీని సగటు షుగర్‌గా మార్చే సూత్రం ఇదీ:

```
eAG = 28.7 × A1C − 46.7
```

8.6 పెడితే 200 వస్తుంది. పుస్తకంలో 152 ఉంది. 152 నిజమే అయితే ఏ1సీ 6.9 దగ్గర ఉండాలి. ఒకే సగటు షుగర్ ఉన్న ఇద్దరికి ఏ1సీ కొంచెం అటూ ఇటూ రావడం మామూలే. అందుకే 15, 20 పాయింట్ల తేడా అయితే వదిలేసేవాళ్లం. 48 వదిలేసేది కాదు.

తేడా ఖాతా: 48

ఏ1సీ ఎక్కువ రాగానే లాంగ్ యాక్టింగ్ రెండు యూనిట్లు పెంచేద్దామనిపిస్తుంది. మేం పెంచలేదు. ఆ ఎక్కువ షుగర్ రోజులో ఏ గంటల్లో ఉందో తెలియకుండా పెంచితే, లేని చోట తగ్గించి రాత్రి లో షుగర్ తెచ్చుకున్నట్టే.

దశ 1: ముందు నంబర్లు నిజమో కాదో

షుగర్ సంగతి తర్వాత. ముందు రెండు కొలతలూ నమ్మదగినవేనా అని చూశాం.

1. మీటర్ గడియారం సరిచూశాం. ఉదయం, సాయంత్రం తారుమారై 12 గంటల తేడా చూపిస్తోంది. మెమరీలో "రాత్రి 7" అని ఉన్న రీడింగులు నిజానికి ఉదయం 7వి. ఇది దిద్దకుండా మెమరీ చదివితే ఫాస్టింగ్ అంతా డిన్నర్ ఖాతాలో పడుతుంది.
2. పుస్తకాన్ని మీటర్ మెమరీతో పక్కపక్కన పెట్టి చూశాం. పుస్తకం సగటు 152, మీటర్ సగటు 161. మీటర్‌లో ఉన్న 250 పైబడిన రీడింగులు కొన్ని పుస్తకంలో లేవు. కొన్ని చోట్ల నంబర్లు వరసగా 0తోనో 5తోనో ముగుస్తున్నాయి. మీటర్ అలా ఇవ్వదు.
3. హిమోగ్లోబిన్, ఒంట్లో ఐరన్ నిల్వలు చూపే ఫెర్రిటిన్ చేయించాం. ఐరన్ లోపం ఉంటే షుగర్ అంత లేకపోయినా ఏ1సీ ఎక్కువ చూపించవచ్చు. పీరియడ్స్ మొదలైన ఆడపిల్లల్లో ఈ లోపం తరచూ కనిపిస్తుంది. ఎర్ర రక్తకణాలు త్వరగా నశించే జబ్బులున్నా, ఈమధ్య రక్తం ఎక్కించుకున్నా ఏ1సీ తక్కువ చూపించవచ్చు. మా అమ్మాయికి హిమోగ్లోబిన్ 12.4, ఫెర్రిటిన్ మామూలు. అంటే ఏ1సీని నమ్మవచ్చు.

రెండో అంశం గురించి కాస్త ఆగి చెప్పాలి. "రాస్తే నువ్వు ఏమీ అనవు అమ్మా, కానీ మొహం మారిపోతుంది" అంది. ఈ వయసులో పుస్తకం మార్కుల షీట్‌లా మారితే అందులో మంచి మార్కులే పడతాయి. అందుకని పుస్తకం ఆపేశాం. ఇకపై మీటర్ మెమరీనే లెక్క. వారానికి ఒకసారి ఇద్దరం కలిసి చూస్తాం. చూసేటప్పుడు "ఎందుకింత?" అన్న ప్రశ్న నిషిద్ధం, "ఎప్పుడు?" అన్నది మాత్రమే అడుగుతాం. ఈ మార్పు లేకపోతే తర్వాతి దశల్లో ఏ నంబరూ పనికొచ్చేది కాదు.

తేడా ఖాతా: 48 → 39

దశ 2: ఎవరూ చూడని గంటలు

రోజుకు నాలుగుసార్లు చూస్తున్నాం: టిఫిన్‌కు ముందు, లంచ్‌కు ముందు, డిన్నర్‌కు ముందు, పడుకునేటప్పుడు. వీటిలో మూడు భోజనానికి ముందువే, అంటే షుగర్ కిందికి దిగిన సమయాలు. ఏ1సీ మాత్రం పైకెక్కిన గంటలనూ లెక్కలో వేసుకుంటుంది. కాబట్టి ఇలా రాసుకున్న సగటు ఏ1సీ కంటే తక్కువే వస్తుంది. పుస్తకంలో అబద్ధం ఒక్కటీ లేకపోయినా అంతే.

మూడు మామూలు రోజులు ఎంచుకుని ఎనిమిది సమయాల్లో చూశాం. కొలిచే ముందు చేతులు నీళ్లతో కడిగి ఆరబెట్టడం తప్పనిసరి. వేలికి పండు రసం అంటుకుని ఉంటే రీడింగ్ చాలా ఎక్కువ వస్తుంది. సగటులు ఇవీ:

| సమయం | షుగర్ |
|---|---|
| టిఫిన్‌కు ముందు | 130 |
| టిఫిన్ తర్వాత 2 గంటలకు | 251 |
| లంచ్‌కు ముందు | 158 |
| లంచ్ తర్వాత 2 గంటలకు | 196 |
| సాయంత్రం 6 | 242 |
| డిన్నర్‌కు ముందు, 7:30 | 210 |
| రాత్రి 10 | 146 |
| తెల్లవారుజామున 3 | 138 |

ఎనిమిదింటి సగటు 184. ల్యాబ్ అంచనా 200. మిగిలిన 16 కోసం వెతకలేదు. ఇంటి మీటర్‌కు అనుమతించిన తేడాయే 100 పైన 15 శాతం. అంటే అసలు 200 ఉంటే మీటర్ 170 నుంచి 230 మధ్య ఏదైనా చూపించవచ్చు. ఈ కారణంగానే ఒక్క రీడింగ్ చూసి డోసు నిష్పత్తి మార్చకూడదని, కనీసం మూడు రోజుల సగటు కావాలని నియమం పెట్టుకున్నాం.

తేడా ఖాతా: 39 → 16, ఇక్కడితో మూసేశాం

రాత్రి సంగతి విడిగా పరీక్షించాం. డిన్నర్ ఇన్సులిన్ పని అయిపోయిన తర్వాత, ఏమీ తినకుండా 12, 3, 6 గంటలకు చూస్తే 140, 138, 130 వచ్చాయి. రాత్రంతా తేడా 30 లోపు ఉంటే లాంగ్ యాక్టింగ్ డోసు సరిపోతోందని అర్థం. ఇక్కడ 10 మాత్రమే. మొదట్లో చేయి దురదపెట్టిన ఆ రెండు యూనిట్లు పెంచి ఉంటే 6 గంటల రీడింగ్ అనవసరంగా ఇంకా కిందికి దిగి ఉండేది. 22 యూనిట్లను ముట్టుకోలేదు.

సమస్య రెండు చోట్ల ఉంది. టిఫిన్ తర్వాత, సాయంత్రం.

దశ 3: టిఫిన్. టైమింగా, డోసా?

తిన్న 2 గంటలకు 251 చూడగానే డోసు చాలలేదనిపిస్తుంది. కానీ 2 గంటల రీడింగ్ ఒక్కటే ఆ మాట చెప్పలేదు. రాపిడ్ ఇన్సులిన్ పని సుమారు 4 గంటలు సాగుతుంది. 2 గంటలకు ఎక్కువ ఉండి, 4 గంటలకు మొదలైన చోటికే తిరిగొస్తే డోసు సరిపోయినట్టే, ఆలస్యంగా తీసుకున్నాం అంతే. 4 గంటలకు కూడా 30 పాయింట్ల కంటే పైనే ఉండిపోతే డోసు చాలలేదు. ఈ రెంటినీ విడదీయడానికే ఈ పరీక్ష.

పరీక్ష నియమాలు:

1. మొదలయ్యేటప్పుడు షుగర్ 90 నుంచి 150 మధ్య ఉండాలి.
2. అంతకు ముందు 4 గంటల్లో రాపిడ్ ఇన్సులిన్ తీసుకుని ఉండకూడదు.
3. ప్రతిసారీ అదే టిఫిన్, తూకం వేసి, 60 గ్రాముల కార్బ్స్. నూనె, కొవ్వు తక్కువ ఉన్నదే, ఎందుకంటే కొవ్వు అరుగుదలను ఆలస్యం చేసి 4 గంటల రీడింగ్‌ను పెంచేస్తుంది.
4. 4 గంటల వరకూ ఇంకేమీ తినకూడదు, ఆటలు వద్దు.
5. 2 గంటలకు, 4 గంటలకు చూడాలి. మధ్యలో 70 కంటే దిగితే పరీక్ష ఆపేసి గ్లూకోజ్ ఇవ్వాలి.

సెలవు రోజుల్లోనే కుదిరింది. పాడైపోయిన పరీక్షలు కూడా ఉన్నాయి. ఒకసారి 210తో మొదలుపెట్టాం. దానికి కరెక్షన్ ఇన్సులిన్ కలపాల్సి వచ్చింది, ఇక ఏ యూనిట్ దేనికి పనిచేసిందో చెప్పలేం. ఇంకోసారి పదిన్నరకు స్నేహితులతో షటిల్ ఆడింది, 11:30కి 64. గ్లూకోజ్ ఇచ్చి 15 నిమిషాలకు మళ్లీ చూశాం, 88. ఆ రోజు రీడింగులు కొట్టేశాం. అది నిష్పత్తి గురించి కాదు, ఆట గురించి చెప్పే నంబరు.

పనికొచ్చిన పరీక్షల సగటులు:

| మార్పు | ముందు | 2 గం. | 4 గం. |
|---|---|---|---|
| పాత పద్ధతి, తింటూ 6 యూనిట్లు | 132 | 248 | 171 |
| 15–20 నిమిషాల ముందు 6 యూనిట్లు | 136 | 209 | 168 |
| అంతే ముందు, 6.5 యూనిట్లు | 130 | 188 | 141 |

రెండో వరస చూడండి. డోసు మారలేదు, సమయం మాత్రమే మారింది. 2 గంటల రీడింగ్ 39 తగ్గింది, 4 గంటల రీడింగ్ దాదాపు అక్కడే ఉంది. అంటే 2 గంటల ఎత్తులో మూడో వంతుకు పైగా ఆలస్యం వల్లే వచ్చింది. కానీ 4 గంటలకు ఇంకా 32 పైన ఉంది కాబట్టి డోసులో చిన్న లోటు కూడా ఉంది. నిష్పత్తి 9కి మారిస్తే 60 ÷ 9 = 6.7. అర యూనిట్ పెన్ను ఉంది కాబట్టి 6.5 తీసుకున్నాం. అర యూనిట్ 20 పాయింట్లు తగ్గించాలి. 32 కాస్తా 11 అయింది. లెక్క కలిసింది.

పొద్దున మాత్రమే ఎక్కువ ఇన్సులిన్ ఎందుకు కావాలి? ఎదిగే వయసులో రాత్రి, తెల్లవారుజామున గ్రోత్ హార్మోన్ ఎక్కువగా విడుదలవుతుంది. అది ఇన్సులిన్ పనిని మందగింపజేస్తుంది. అన్ని పూటలకూ ఒకటే నిష్పత్తి ఈ వయసులో చాలామందికి కుదరదు.

రెండు మార్పులూ ఒకేసారి చేసి ఉంటే ఇదేదీ తెలిసేది కాదు. 251 చూసి నేరుగా 8 యూనిట్లు ఇస్తే 2 గంటలకు రీడింగ్ కాస్త చక్కగా కనిపించేది, 4 గంటలకు లంచ్ బెల్ ముందు షుగర్ 90 దగ్గరికి దిగి లో అంచున ఉండేది.

డోసు ఖాతా: 48 → 48.5

దశ 4: తూకం (చిన్న దశ)

మధ్యాహ్నం 196 పెద్ద సమస్య కాదు, కానీ రోజుకో రకంగా ఉంది. ఒక రోజు 150, ఒక రోజు 260. నిష్పత్తి తప్పయితే తప్పు ఒకేలా వస్తుంది. రోజుకో రకంగా వస్తే లెక్కింపు మీద అనుమానం పడాలి.

వంటింటి త్రాసు పెట్టి, కంటి అంచనా ముందు చెప్పించి తర్వాత తూచాం. ప్లేటులో అన్నం "45 గ్రాముల కార్బ్స్" అంది. త్రాసులో వండిన అన్నం 240 గ్రాములు. వండిన తెల్లన్నం 100 గ్రాముల్లో సుమారు 28 గ్రాముల కార్బ్స్ ఉంటాయి, అంటే 67. తేడా 22.

ఇక్కడ ఒక చిన్న సంఖ్య మాకు చాలా ఉపయోగపడింది. 10 గ్రాములకు 1 యూనిట్, 1 యూనిట్‌కు 40 పాయింట్లు. అంటే ఇన్సులిన్ లేని 1 గ్రాము కార్బ్ ఆమెకు సుమారు 4 పాయింట్లు పెంచుతుంది. 22 గ్రాములు తక్కువ లెక్కిస్తే 88 పాయింట్లు. 260 ఎక్కడినుంచి వచ్చిందో తెలిసింది.

రోజూ తూచమంటే ఏ పిల్లా చేయదు. ఒక గిన్నె ఎంచుకుని, అంచు వరకు సమంగా నింపి తూచి పెట్టుకున్నాం. "ఈ గిన్నె 50." గ్రాము గ్రాముకు లెక్క కలవనక్కర్లేదు. 10 గ్రాముల తేడాను ఆమె రీడింగులు తట్టుకుంటున్నాయి, 20 దాటితేనే బయటపడుతోంది.

దశ 5: సాయంత్రం. ఎక్కువ కాలం పట్టిన దశ

స్కూలు 4కి వదులుతారు. 4 గంటలకు 154, 6 గంటలకు 242. పెరుగుదల 88. అదే 4తో భాగిస్తే 22 గ్రాములకు ఇన్సులిన్ పడలేదని తెలుస్తోంది. అప్పటికి లంచ్ ఇన్సులిన్ కొంత ఒంట్లో పనిచేస్తూనే ఉంటుంది కాబట్టి అసలు తిన్నది ఇంకా ఎక్కువే అయి ఉంటుంది. అడిగితే ప్యాకెట్ చూపించింది. లేబుల్ మీద 31 గ్రాములు. బస్సులో అందరి ముందూ సూది తీయడం ఇష్టం లేక ఇన్సులిన్ మానేస్తోంది.

ప్రయత్నం 1: స్నాక్ మానేయడం. పనికిరాలేదు. ఆకలితో ఇంటికొచ్చి, చేతికందింది తినేసి, డిన్నర్ లెక్క కూడా చెడిపోయింది.

ప్రయత్నం 2: బస్సులో తిని, 5:30కి ఇంటికొచ్చాక 3 యూనిట్లు. ఇదీ చెడింది, కానీ దీనివల్లే ఎక్కువ నేర్చుకున్నాం. డిన్నర్‌కు ముందు, 7:30కి, 196. పాత పద్ధతిలో డిన్నర్ డోసుకు కరెక్షన్ కలిపాం: (196 − 120) ÷ 40 = 1.9, అంటే 2 యూనిట్లు. రాత్రి 10కి 61. 15 గ్రాముల గ్లూకోజ్, 15 నిమిషాలకు 84.

ఆ లెక్క ఎక్కడ తప్పిందో వరసగా:

1. 5:30కి తీసుకున్న 3 యూనిట్లలో, 2 గంటల తర్వాత సుమారు సగం, 1.5 యూనిట్లు, ఇంకా పని చేయాల్సి ఉంది.
2. అది 60 పాయింట్లు తగ్గిస్తుంది. 196 దానంతటదే 136 అవుతుంది.
3. కాబట్టి కావలసిన కరెక్షన్ 1.9 − 1.5 = 0.4. అంటే 2 కాదు, అర యూనిట్ చాలు.
4. అదనంగా పడిన ఇన్సులిన్ విలువ 60 పాయింట్లు. 61కి 60 కలపండి, 121. టార్గెట్ 120.

అప్పటి నుంచి ఫ్రిజ్ మీద ఒకే కాగితం ఉంది: "చివరి రాపిడ్ డోసు ఎప్పుడు? 1 గంట: ముప్పావు భాగం మిగిలింది. 2: సగం. 3: పావు. కరెక్షన్‌లోంచి తీసేయ్." ఇది ముతక లెక్కే, ఇన్సులిన్ నిజంగా ఇంత సరళంగా దిగదు. కానీ దీన్ని పాటించినప్పటి నుంచి రాత్రి 10 గంటల లోలు ఆగాయి.

ప్రయత్నం 3: పరిష్కారం ఆమెదే. "రోజూ ఒకే 30 గ్రాముల స్నాక్ పెట్టు, లెక్క చేయనక్కర్లేదు. క్లాసు వదలగానే బస్సెక్కకముందే 3 యూనిట్లు వేసుకుంటా" అంది. పెన్ను పెన్సిల్ పౌచ్‌లో పెట్టుకుంటుంది. ఆటలున్న రోజు 1.5 యూనిట్లే. సాయంత్రం 6 రీడింగ్ 242 నుంచి 172కి వచ్చింది. స్నాక్ ఇన్సులిన్ తొందరగా పడుతుంది కాబట్టి 7:30కి మిగిలేది కూడా తక్కువ.

డోసు ఖాతా: 48.5 → 51.5. లాంగ్ యాక్టింగ్ అదే 22.

దశ 6: మూడు నెలల తర్వాత

అవే ఎనిమిది సమయాలు, మూడు రోజులు: 138, 184, 146, 178, 172, 152, 150, 144. సగటు 158. సూత్రం ప్రకారం ఏ1సీ 7.1 రావాలి. వచ్చింది 7.6, అంటే సగటు 171.

ఇది నిరాశపడాల్సిన తేడా కాదు, కారణం లెక్కలోనే ఉంది. ఏ1సీ మూడు నెలలను సమానంగా చూడదు. ఇటీవలి నెల బరువు సుమారు సగం, అంతకు ముందు రెండు నెలలది మిగతా సగం. మార్పులు అంచెలంచెలుగా జరిగాయి. మొదటి నెల సగటు 190 అనీ, రెండోది 178 అనీ, చివరిది 158 అనీ అంచనా వేసుకుంటే:

```
0.25 × 190 + 0.25 × 178 + 0.5 × 158 = 171
```

సరిగ్గా 7.6 వస్తుంది. అంచనా నెలలతో కలిసింది కాబట్టి దీన్ని రుజువు అనను. కానీ ఇంటి 158కీ ల్యాబ్ 171కీ మధ్య ఇప్పుడు దాచిన గంటలేవీ లేవని చెప్పడానికి ఇది చాలు.

ఏ1సీ తగ్గిందంటే లో షుగర్లు పెరిగి కూడా తగ్గవచ్చు, సగటు రెంటినీ కలిపేస్తుంది. అందుకే రెండు విషయాలు విడిగా చూశాం. మీటర్ మెమరీలో నెలకు 70 కంటే తక్కువ రీడింగులు ఇదివరకు 4, ఇప్పుడు 5. ఇప్పుడు చూడటమే దాదాపు రెట్టింపైంది కాబట్టి ఇది పెరుగుదల కాదు. 54 కంటే దిగువకు ఒక్కటీ లేదు. ఎత్తుపల్లాల కొలత, అంటే స్టాండర్డ్ డీవియేషన్‌ను సగటుతో భాగిస్తే వచ్చే శాతం, 39 నుంచి 31కి దిగింది. 36 లోపు ఉండాలంటారు.

ఇంకా తేలనిది

పీరియడ్స్‌కు ముందు నాలుగైదు రోజులు ఫాస్టింగ్ 25 పాయింట్ల దాకా పెరుగుతోంది. అవే తిండి, అవే డోసులు. ఒక్క నెల చూసి లాంగ్ యాక్టింగ్ పెంచడం లేదు. మీటర్‌లో ఆ రోజులకు గుర్తు పెడుతున్నాం, మూడు నెలలు ఒకేలా కనిపిస్తే ఆ నాలుగు రోజులకు మాత్రం 24 చేసి, 12, 3, 6 గంటల పరీక్ష మళ్లీ చేస్తాం. పీరియడ్ మొదలైన రోజే 22కి దించాలన్నది డాక్టర్ గారి షరతు. రాత్రి లో వచ్చే అవకాశం అక్కడే ఉంది.